నాన్నగారి స్కాన్‌లో ప్రోస్టేట్ 54 సీసీ, మూత్రం పోశాక కూడా 185 ఎం.ఎల్ మిగిలిందట. ఆపరేషన్ తప్పదా?

శ్రీకాంత్_తెనాలి
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 71 ఏళ్లు, తెనాలిలో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. ఏడాదిగా రాత్రి రెండు మూడుసార్లు లేస్తున్నారు, ధార సన్నబడిందని, మొదలవడానికి కాసేపు నిలబడాల్సి వస్తోందని అమ్మ చెబితేనే తెలిసింది, ఆయన నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. మొన్న కడుపు స్కాన్ చేయించాం. రిపోర్టులో ఉన్నవి ఇవి: ప్రోస్టేట్ 5.1 × 4.6 × 4.4 సెం.మీ., సైజు 54 సీసీ, గ్రేడ్ 2. మధ్య భాగం మూత్రాశయంలోకి 7 మి.మీ. పొడుచుకొచ్చింది. బ్లాడర్ గోడ 4 మి.మీ. మూత్రం పోయకముందు 640 ఎం.ఎల్, పోశాక 185 ఎం.ఎల్, దాని పక్కన ‘సిగ్నిఫికెంట్’ అని రాశారు. కిడ్నీలు రెండూ మామూలుగానే ఉన్నాయి, వాపు లేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.0, ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష పి.ఎస్.ఎ 3.1. షుగర్ లేదు, బీపీకి ఒక మాత్ర వేసుకుంటారు.

మా ఊళ్లో తెలిసినాయన రిపోర్టు చూసి 54 అంటే రెట్టింపు కన్నా ఎక్కువ, 185 మిగిలితే కిడ్నీలు పోతాయి, వెంటనే కోయించెయ్యండి అన్నారు. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కిరణ్_డాలస్
గ్రేడ్ 2 అంటే క్యాన్సర్ రెండో స్టేజీ కాదు కదా అన్నా? మా బాబాయి రిపోర్టులో కూడా ఇలాగే ఉంది, వాళ్లింట్లో అందరూ ఏడుస్తున్నారు.

రేడియాలజీ_రాజమండ్రి
కాదు. కిరణ్ గారూ, ముందు మీ బాబాయి వాళ్లింటికి ఫోన్ చేసి ఆ మాట చెప్పండి. స్కాన్‌లో రాసే గ్రేడ్ కేవలం సైజు గురించి, అదీ అందరూ ఒకే లెక్కన రాయరు, ఒకరు 40 దాటితే రెండు అంటారు, ఇంకొకరికి 50 దాకా ఒకటే. క్యాన్సర్‌కి వేసే గ్రేడ్ ముక్క కోసి పరీక్ష చేశాక వస్తుంది, దానికీ దీనికీ చుట్టరికం లేదు. అలాగని పొట్ట మీద పెట్టి చేసే స్కాన్ బాగుంది కాబట్టి క్యాన్సర్ లేదనీ చెప్పలేం. అది చూడ్డానికి పి.ఎస్.ఎ, వేలితో చేసే పరీక్ష, అనుమానం ఉంటే ఎం.ఆర్.ఐ.

శ్రీకాంత్ గారూ, నేను రోజూ ఈ స్కాన్లు చేసేవాణ్ణే. 54 ఎలా వచ్చిందో చూడండి. మూడు కొలతలు గుణించి 0.52తో గుణిస్తాం:

5.1 × 4.6 × 4.4 × 0.52 = 53.7

ఇందులో ఒక్క కొలత నా చేతిలో 4 మి.మీ. అటూ ఇటూ అయితే సైజు నాలుగైదు సీసీలు మారిపోతుంది. అదే మనిషికి ఇంకో సెంటర్లో 48 రావచ్చు, 60 రావచ్చు. అందుకని ఆరు నెలల కిందట 50, ఇప్పుడు 54, పెరిగిపోతోంది అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. 54 అంటే మధ్యరకంగా పెరిగింది, అంతే. పడుచువాళ్లలో 20, 25 ఉండేది ఈ వయసుకి పెరగడం చాలామందికి జరిగేదే.

నాకు ఆ 185 మీద అనుమానం ఉంది. స్కాన్ రోజు ఎలా జరిగిందో వరసగా చెప్పగలరా? ఎన్ని నీళ్లు తాగించారు, ఎంతసేపు ఆపుకున్నారు, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక ఎంతసేపటికి రెండోసారి చూశారు?

రమణమూర్తి_76
నాకు సైజు 62 ఉండేది. దాచుకోవడానికేముంది, మూత్రనాళం గుండా ప్రోస్టేట్‌ని గీకి తీసే టి.యు.ఆర్.పి ఆపరేషన్ చేయించుకుని ఆరేళ్లయింది, హాయిగా ఉన్నాను. 50 దాటితే ఆపరేషనే, మాత్రలు డబ్బు దండగ. ఎప్పటికైనా తప్పదు, వయసు మీదపడక ముందే చేయించండి బాబూ.

యూరోవార్డు_సిస్టర్
రమణమూర్తి గారూ, మీకు ఆపరేషన్ ఎందుకు చేశారో గుర్తుందా? మూత్రం పూర్తిగా బిగుసుకుపోయి ట్యూబు వేశారా?

రమణమూర్తి_76
అవునమ్మా. రెండుసార్లు బిగుసుకుపోయింది. మొదటిసారి ట్యూబు తీశాక నాలుగు రోజులు బాగానే ఉంది, మళ్లీ ఆగిపోయింది. రాయి కూడా ఉందన్నారు మూత్రసంచిలో.

యూరోవార్డు_సిస్టర్
అదే చెబుతున్నా. మీకు చేసింది 62కి కాదు, ట్యూబు తీస్తే పోయలేకపోవడానికి, రాయికి. మా వార్డులో 90 సీసీ ఉన్న తాతయ్యలు మాత్ర మీద ఏళ్లు గడిపేస్తున్నారు, 35 సీసీ ఉన్నాయన ట్యూబుతో వచ్చి పడుకుంటాడు. సైజు ఏ ఆపరేషన్ చెయ్యాలో తేల్చడానికి పనికొస్తుంది, మరీ పెద్దదైతే మామూలు టి.యు.ఆర్.పి బదులు లేజర్‌తో తీద్దామంటారు. చెయ్యాలా వద్దా అన్నది మాత్రం వేరే విషయాలు చెబుతాయి: మాటిమాటికి బిగుసుకుపోవడం, రాళ్లు, తగ్గని రక్తం, పదేపదే ఇన్ఫెక్షన్, దీనివల్ల కిడ్నీ దెబ్బతినడం, లేదంటే మందులతో మనిషికి సుఖం లేకపోవడం.

శ్రీకాంత్ గారూ, ఒక మాట అడుగుతాను. ఆ వారంలో నాన్నగారు జలుబు మాత్రలేమైనా వేసుకున్నారా?

వంశీ_విజయవాడ
సిస్టర్ గారూ, నాకు 32, స్కాన్‌లో ప్రోస్టేట్ 24 అని వచ్చింది, యూరిన్ మంట ఉంది. నేను కూడా మాత్రలు వాడాలా?

యూరోవార్డు_సిస్టర్
వంశీ గారూ, మీది వేరే కథ. 24 మామూలు సైజే. మంట ఉంటే యూరిన్ పరీక్ష, కల్చర్ చేయించుకుని డాక్టరుకి చూపించండి. ఇక్కడ కలపకండి, ఇంకో చర్చ తెరవండి.

శ్రీకాంత్_తెనాలి
అమ్మని, నాన్నగారిని కూర్చోబెట్టి అడిగాను. పొద్దున తొమ్మిదింటికి వెళ్లారు. లీటరున్నర బాటిల్ చేతికిచ్చి మొత్తం తాగి బాగా వచ్చేదాకా ఆపుకోమన్నారట. టోకెన్ ఆలస్యమైంది, గంటన్నర పైనే ఆపుకున్నారు, చివరికి నిలబడలేకపోయారట. మొదటి స్కాన్ అయ్యాక బాత్రూమ్‌కి వెళ్లమన్నారు, బయట నలుగురు తలుపు కొడుతుంటే సరిగా రాలేదన్నారు. తిరిగొచ్చేసరికి లోపల ఒక గర్భిణీ స్త్రీకి స్కాన్ నడుస్తోంది, అది అయ్యాక మళ్లీ పిలిచారు, అరగంటకి కాస్త తక్కువ.

జలుబు మాత్ర సంగతి మీకెలా తెలిసింది సిస్టర్? స్కాన్‌కి రెండు రోజుల ముందు నుంచి మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర రోజుకి రెండు వేసుకున్నారట.

రేడియాలజీ_రాజమండ్రి
అనుకున్నాను. ఇప్పుడు లెక్క చూడండి. అంత నీళ్లు తాగిన మనిషికి కిడ్నీలు నిమిషానికి 5 నుంచి 10 ఎం.ఎల్ దాకా మూత్రం తయారుచేస్తుంటాయి. 25 నిమిషాలు బయట కూర్చుంటే 125 నుంచి 250 ఎం.ఎల్ కొత్తగా చేరుతుంది. ఆయన పూర్తిగా పోసేసి వచ్చినా మేము ప్రోబు పెట్టేసరికి 150 కనబడొచ్చు. రిపోర్టులో అది ‘మిగిలిన’ మూత్రం కిందే రాస్తారు, ఎందుకంటే రెండు స్కాన్ల మధ్య ఎంతసేపయిందో మేమెవరమూ రాయం. రాయాలి, కానీ రాయం. బాత్రూమ్ నుంచి రాగానే, ఐదు పది నిమిషాల్లో చూడాలి.

రెండోది 640 అన్నది. మామూలుగా మనకి 300, 400 దగ్గర గట్టిగా వస్తుంది. బెలూన్ మరీ ఊదితే రబ్బరు సాగి బిగువు తగ్గినట్టు, అతిగా నిండిన బ్లాడర్ కండరం సరిగా ముడుచుకోదు. ప్రోస్టేట్ బాగున్నవాడికి కూడా అలా నింపితే వంద మిగలొచ్చు.

అందుకని ఆ 185ని నేను తప్పు అనను, నమ్మదగినది కాదు అంటాను. అందులో ఎంత నిజంగా మిగిలిందో, ఎంత కొత్తగా చేరిందో ఆ కాగితం చెప్పలేదు. మళ్లీ చేయించండి, అయితే ఇలా: ఇంట్లో రెండు మూడు గ్లాసులు తాగి, మామూలుగా వచ్చినప్పుడు వెళ్లాలి. బ్లాడర్ 250, 350 మధ్య ఉంటే చాలు. ప్రశాంతంగా పోసుకుని, ఒకటి రెండు నిమిషాలాగి ఇంకోసారి ప్రయత్నించి, వెంటనే బల్ల ఎక్కాలి. ముందే అక్కడి అమ్మాయికి చెప్పి పెట్టుకోండి, వచ్చిన వెంటనే లోపలికి పిలవమని.

యూరోవార్డు_సిస్టర్
జలుబు మాత్ర గురించి: అందులో సాధారణంగా రెండు రకాల మందులు కలిసి ఉంటాయి. ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైల్‌ఎఫ్రిన్ లాంటివి బ్లాడర్ మెడని బిగిస్తాయి. తుమ్ములు తగ్గించే క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి బ్లాడర్ కండరాన్ని మందగింపజేస్తాయి. అంటే ఒక మాత్ర తలుపు బిగిస్తుంది, నెట్టేవాడిని కూడా నిద్రపుచ్చుతుంది. చలికాలంలో మా దగ్గరికి అర్ధరాత్రి ట్యూబు కోసం వచ్చే పెద్దాయనల్ని అడిగితే చాలామంది జేబులో ఆ మాత్రల షీటు ఉంటుంది. మలబద్ధకం కూడా అంతే, రెండు రోజులు విరేచనం కాకపోతే మూత్రమూ సరిగా రాదు. అవి రెండూ సర్దుకున్నాక స్కాన్ చేయించండి.

రమణమూర్తి_76
ఇదంతా వింటుంటే 185 ఏమీ కాదన్నట్టుంది. మిగిలితే ప్రమాదమే కదా?

రేడియాలజీ_రాజమండ్రి
ఏమీ కాదు అనలేదండీ. 50 లోపు ఉంటే ఎవరూ పట్టించుకోరు. డెబ్బై దాటినవాళ్లలో వంద దాకా చూసీ చూడనట్టు పోతాం. 150, 200 దాటి అదే పనిగా, సరిగ్గా చేసిన రెండు మూడు స్కాన్లలో వస్తుంటే డాక్టరు గట్టిగా ఆలోచిస్తారు. 300 దాటి నెలల తరబడి ఉంటే అది వేరే రోగం లెక్క. కానీ ఈ అంకె దాటితే కిడ్నీ పోతుందని గీత ఏదీ లేదు. కిడ్నీ మీద ఒత్తిడి పడుతోందా అన్నది కిడ్నీలే చెబుతాయి. శ్రీకాంత్ గారి నాన్నగారికి కిడ్నీల్లో వాపు లేదు, క్రియాటినిన్ 1.0. నేను రిపోర్టులో సైజు కన్నా ముందు చదివేది అదే లైను.

పద్మజ_కర్నూలు
నేను చెప్పేది దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది, అయినా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని. మా మామయ్యగారికి 68. షుగర్ ఇరవై ఏళ్లుగా ఉంది. స్కాన్‌లో ప్రోస్టేట్ 27 అని వచ్చింది, అందరం సంతోషించాం, పెరగలేదు కదా అని. ఆ కింద మిగిలిన మూత్రం 420 అని ఉన్న లైను ఇంట్లో ఎవరూ చదవలేదు, చూపించుకున్న చోట కూడా ఎవరూ మాట్లాడలేదు. ఆయనకి నొప్పి లేదు, బాధ లేదు. ఒకటే తేడా, రాత్రి పంచె తడిసేది. నిద్రలో తెలియకుండానే కారిపోయేది. పెద్దతనం కదా అని అత్తయ్యగారు పక్క మీద ప్లాస్టిక్ షీటు వేసేవారు.

కాళ్లు వాచి, తిండి సహించక వాంతులు మొదలయ్యాక రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్ 2.8. రెండు కిడ్నీలూ ఉబ్బి ఉన్నాయి. ట్యూబు వేయగానే లీటరుకి పైగా వచ్చింది. ఆ తర్వాత రెండు రోజులు మూత్రం ఆగకుండా వస్తూనే ఉంది, గంట గంటకీ కొలిచి సెలైన్ ఎక్కించారు. క్రియాటినిన్ 1.6 దాకా దిగి అక్కడే ఆగిపోయింది, ఇంక కిందికి రాలేదు.

బ్లాడర్ ప్రెషర్ టెస్ట్ చేస్తే అడ్డం పెద్దగా లేదు, బ్లాడర్‌కే బలం లేదన్నారు. షుగర్ వల్ల నరాలు మొద్దుబారి, నిండిందన్న సంగతే తెలియడం లేదట. ఆపరేషన్ చేసినా లాభం ఉంటుందో లేదో చెప్పలేమన్నారు. ఇప్పుడు ఆయనే రోజుకి నాలుగుసార్లు సన్న ట్యూబు పెట్టుకుని ఖాళీ చేసుకుంటారు. మొదట్లో సిగ్గుపడి ఏడ్చారు, ఇప్పుడు పెళ్లిళ్లకి కూడా జేబులో పెట్టుకుని వెళ్తారు.

యూరోవార్డు_సిస్టర్
పద్మజ గారూ, ఇది రాసి మంచి పని చేశారు. నొప్పితో బిగుసుకుపోయినవాడు అదే రాత్రి ఆసుపత్రికి పరుగెత్తుకొస్తాడు, బతికిపోతాడు. నొప్పి లేకుండా నిండిపోయేవాడే ఆలస్యంగా వస్తాడు. పెద్దవాళ్లు రాత్రిపూట కొత్తగా పక్క తడుపుతుంటే అది మూత్రం ఎక్కువై కాదు, ఖాళీ కాక పొంగిపొర్లడం అయి ఉండొచ్చు. వెంటనే చూపించాలి.

కిరణ్_డాలస్
పల్లేరు కాయల కషాయంతో సైజు తగ్గుతుందని మా పెద్దమ్మ అంటోంది. నిజమేనా?

రేడియాలజీ_రాజమండ్రి
కషాయం తాగిన వాళ్లలో గ్రంథి కరిగిన స్కాన్ నేనైతే చూడలేదు. తాగితే తాగనివ్వండి, కానీ దాన్ని నమ్ముకుని మిగిలిన మూత్రం చూపించుకోవడం మానకండి, క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లయితే డాక్టరుకి చెప్పకుండా ఏ కషాయమూ వద్దు.

శ్రీకాంత్_తెనాలి
అప్‌డేట్ ఇస్తున్నాను. జలుబు మాత్ర ఆపి, జలుబు తగ్గాక గుంటూరులో మళ్లీ స్కాన్ చేయించాం, మీరు చెప్పినట్టే. పోయకముందు 310, పోశాక 65. సైజు ఈసారి 51 అని రాశారు. అమ్మ అయితే మూడు సీసీలు తగ్గిందని దేవుడికి కొబ్బరికాయ కొట్టింది, నేనేం చెప్పలేదు.

తర్వాత యూరాలజీ డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఏడు ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చారు, నాన్నగారికి 35కి 13 వచ్చింది, మధ్యరకం అన్నారు. ఒక మిషన్‌లో మూత్రం పోయించారు, ధార వేగం సెకనుకి 11 ఎం.ఎల్. వేలితో చూసి గట్టిగా గడ్డలేమీ లేవన్నారు. టామ్సులోసిన్ 0.4 రాత్రి పడుకునే ముందు వేసుకోమన్నారు. దానితో పాటు డ్యూటాస్టరైడ్ కూడా మొదలుపెట్టొచ్చు, మీ ఇష్టం, ఆలోచించుకుని రండి అన్నారు. ఇక్కడే తేలడం లేదు.

ఇంకొకటి, 185 నుంచి 65కి తగ్గింది జలుబు మాత్ర ఆపినందుకా, లేక స్కాన్ సరిగ్గా చేసినందుకా?

రేడియాలజీ_రాజమండ్రి
ఇక ఎవరూ చెప్పలేరు, రెండూ ఒకేసారి మారిపోయాయి. రెండూ కలిసే అయి ఉండాలి. నాకు ముఖ్యం ఏంటంటే మామూలు పరిస్థితిలో ఆయన 310లో 245 బయటికి పంపుతున్నారు. ధార 11 అంటే కొంచెం అడ్డం ఉన్నట్టే అనిపిస్తుంది, 15 పైన ఉంటే నిశ్చింత, 10 లోపైతే అనుమానం బలపడుతుంది, ఈయన మధ్యలో ఉన్నారు. గోడ 4 మి.మీ. కూడా బ్లాడర్ కొంత కష్టపడుతోందనే చెబుతోంది. అంటే అడ్డం ఉంది, బ్లాడర్ ఇంకా గెలుస్తోంది. మందుల సంగతి సిస్టర్ గారు చెప్పాలి.

యూరోవార్డు_సిస్టర్
నేను డాక్టర్ని కాదు, మా వార్డులో చూసింది చెబుతాను. టామ్సులోసిన్ సైజు తగ్గించదు, దారి వదులు చేస్తుంది, వారం రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. మొదట్లో రాత్రి గబుక్కున లేస్తే కళ్లు తిరగొచ్చు, బీపీ మాత్ర కూడా ఉంది కాబట్టి మంచం మీద కాసేపు కూర్చుని లేవమనండి. డ్యూటాస్టరైడ్ గ్రంథిని మెల్లగా తగ్గిస్తుంది, పావు వంతు దాకా, కానీ ఆరు నెలలు ఆగాలి, మానేస్తే మళ్లీ పెరుగుతుంది. 40 దాటిన గ్రంథి ఉన్నవాళ్లకే దాని వల్ల లాభం. కోరికలు తగ్గాయని కొందరు చెప్తారు, ఆయన్నే అడగాలి ఆ మాట, కొడుకుగా మీరు తేల్చేది కాదు.

మొదలుపెడితే ఒకటి గుర్తుంచుకోండి. అది వాడితే ఆరు నెలలకి పి.ఎస్.ఎ సగానికి పడిపోతుంది. ఇప్పుడు 3.1 ఉంది, అప్పుడు 1.5 అలా రావాలి. వాడుతుండగా 3 వచ్చిందంటే మారలేదని కాదు, రెట్టింపు చేసి 6 కింద చూడాలి. చూసే డాక్టరు మారితే ఈ ముక్క తప్పక చెప్పండి.

రమణమూర్తి_76
65 అయితే నేను కూడా ఆగమంటాను. కానీ రెండో మాత్ర ఎందుకమ్మా, జీవితాంతం వాడాలి, ఖర్చు. ఒకటి వేసి చూసి, చాలకపోతే అప్పుడు చూడొచ్చు కదా.

యూరోవార్డు_సిస్టర్
అలా చెప్పే డాక్టర్లూ ఉన్నారండి. ముందే మొదలుపెడితే తర్వాత బిగుసుకుపోవడం, ఆపరేషన్ తగ్గుతాయనే వాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ పాయింటు ఉంది.

శ్రీకాంత్_తెనాలి
నాన్నగారు ఒకటే మాత్ర అన్నారు ప్రస్తుతానికి. మూడు నెలలకి మళ్లీ స్కాన్, ధార టెస్ట్. ఈలోగా కంటి శుక్లం ఆపరేషన్ వచ్చే నెలలో పెట్టుకున్నారు, దానికేమీ అడ్డం కాదు కదా?

పద్మజ_కర్నూలు
అడ్డమే! టామ్సులోసిన్ వాడేవాళ్లకి ఆపరేషన్ మధ్యలో కంటిపాప సరిగా విచ్చుకోదట, మా నాన్నని కంటి డాక్టరు ముందే అడిగి తెలుసుకున్నారు. మాత్ర మొదలుపెట్టారా ఇంకా?

శ్రీకాంత్_తెనాలి
లేదండీ, రేపటి నుంచి అనుకుంటున్నాం.

యూరోవార్డు_సిస్టర్
అయితే రేపు వద్దు. ముందు యూరాలజీ డాక్టర్‌కి ఫోన్ చేసి శుక్లం ఆపరేషన్ ఉందని చెప్పండి, ఆయనకి తెలిసి ఉండదు. నాన్నగారికి మరీ ఇబ్బంది లేదు కాబట్టి కన్ను అయ్యాక మొదలుపెడదాం అనొచ్చు. ఒకసారి మొదలుపెట్టాక రెండు రోజుల ముందు ఆపినా ఆ ప్రభావం పోదు. వాడుతూ చేయించుకున్నా ఫర్వాలేదు, కానీ కంటి సర్జన్‌కి ముందే తెలియాలి, దానికి తగ్గట్టు సిద్ధమవుతారు.

శ్రీకాంత్_తెనాలి
సరే, పొద్దున్నే ఫోన్ చేస్తాను. ఆయన ఏమన్నారో ఇక్కడే రాస్తాను.